ప్రాజెక్ట్ మేనేజరా, ప్రోడక్ట్ మేనేజరా? సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఎవరి పని ఏంటి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇద్దర్నీ పీఎం అనే పిలుస్తున్నారు, అసలు తేడా ఏంటి?

ఏం తయారు చెయ్యాలి, ఎవరి కోసం, వంద పనులుంటే అందులో ముందు ఇదే ఎందుకు అనేది తేల్చేది ప్రోడక్ట్ మేనేజర్. అలా తేలిన పని ఉన్న మనుషులతో, ఉన్న డబ్బులతో, అనుకున్న తేదీకి బయటికొచ్చేలా చూసేది ప్రాజెక్ట్ మేనేజర్. ఈ ముక్క ఎవరైనా చెప్తారు, కానీ ఇది విన్నాక కూడా ఆఫీసుకెళ్తే మళ్ళీ తికమకే, ఎందుకంటే ఇద్దరూ అవే మీటింగుల్లో కూర్చుంటారు, పనుల లెక్క ఉండే అదే జిరా బోర్డు చూస్తారు, ఇద్దరూ డెవలపర్ దగ్గరికొచ్చి "ఎంతవరకొచ్చింది" అనే అడుగుతారు.

కాబట్టి నేనైతే ఇలా చూడమంటాను. రిలీజ్ అయిన మర్నాడు ఎవరి పని ముగిసింది, ఎవరి పని అసలు అప్పుడు మొదలైంది? ప్రాజెక్ట్ మేనేజర్‌కి రిలీజ్ అంటే గమ్యం, అక్కడ లెక్క క్లోజ్ చేసి ఇంకో ప్రాజెక్టుకి వెళ్ళొచ్చు. ప్రోడక్ట్ మేనేజర్‌కి ఆ రోజు దాకా చేసిందంతా ఒక అంచనా మాత్రమే, జనం వాడారా లేదా, మనం అనుకున్న నంబర్ కదిలిందా లేదా అనేది ఆ తర్వాతే తెలుస్తుంది. టైమ్‌కి, బడ్జెట్‌లో, ఒక్క పెద్ద బగ్ కూడా లేకుండా రిలీజ్ అయిన ఫీచర్‌ని ఎవరూ వాడలేదనుకోండి, ప్రాజెక్ట్ గెలిచింది, ప్రోడక్ట్ ఓడింది. ఇలా జరగడం అరుదేం కాదు.

మాటల్లో బాగానే ఉంది, ఒక నిజమైన పని మీద చూపిస్తారా?

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ 2021లో ఆర్‌బీఐ ఈ-మాండేట్ రూల్. ఈ-మాండేట్ అంటే డబ్బులు ఆటోమేటిక్‌గా కట్ చేసుకోమని కస్టమర్ ముందే ఇచ్చే ఒప్పుకోలు. అప్పటిదాకా కార్డు నంబర్ ఒకసారి ఇస్తే నెలనెలా డబ్బులు వాటంతటవే కట్ అయ్యేవి. ఆర్‌బీఐ ఏమందంటే, ఇకమీదట కార్డు మీద ఆటోమేటిక్‌గా కట్ అవ్వాలంటే కస్టమర్ మొదట ఓటీపీలాంటి దానితో రిజిస్టర్ చేసుకోవాలి, ప్రతి నెలా డబ్బులు కట్ అయ్యేముందు కనీసం 24 గంటల ముందు బ్యాంకు నుంచి మెసేజ్ రావాలి, వద్దనుకుంటే కస్టమర్ ఆపేసుకునే వీలుండాలి, 5,000 రూపాయలు దాటితే ప్రతిసారీ ఓటీపీ అడగాలి (2022 జూన్‌లో దీన్ని 15,000 చేశారు). మొదట 2021 మార్చి 31 గడువు, చాలా బ్యాంకులు రెడీగా లేకపోవడంతో ఆర్నెల్లు పెంచి సెప్టెంబర్ 30 అన్నారు. అక్టోబర్ 1 నుంచి పాత పద్ధతిలో పెట్టుకున్న ఆటో డెబిట్లు నడవవు, అంతే.

ఇప్పుడు ఒక కంపెనీ ఊహించుకుందాం. పిల్లలకి ఆన్‌లైన్ క్లాసుల యాప్, నెలకి 299 రూపాయలు, కార్డు ఆటో డెబిట్ మీద 40,000 మంది కడుతున్నారు (కంపెనీ, ఈ నంబర్లు లెక్క కోసం నేను పెట్టుకున్నవి, రూలూ తేదీలూ నిజమైనవి). జూలై మొదటి వారం. ఇద్దరు పీఎంలున్నారు, ప్రోడక్ట్ ఆవిడ, ప్రాజెక్ట్ ఆయన అని పిలుచుకుందాం.

ముందు ప్రోడక్ట్ ఆవిడ ఏం చేస్తుంది?

పని మొదలుపెట్టకముందే ఏ పని అనేది తేల్చాలి. బయటి నుంచి చూస్తే ఇందులో తేల్చడానికేముంది, ఆర్‌బీఐ చెప్పింది, కార్డు రిజిస్ట్రేషన్ స్క్రీన్ కట్టెయ్యడమే కదా అనిపిస్తుంది. ఆవిడ అలా అనుకోదు. ఆవిడ ప్రశ్న "రూల్‌కి తగ్గట్టు స్క్రీన్ ఎలా కట్టాలి" కాదు, "ఈ 40,000 మందిలో అక్టోబర్ తర్వాత కూడా ఎంతమంది మనతో ఉంటారు, ఉండాలంటే ఏం చెయ్యాలి" అని.

అందుకని మొదట కార్డులు ఏ బ్యాంకులవో లెక్క తీయిస్తుంది. మన తరఫున ఆన్‌లైన్‌లో డబ్బులు వసూలు చేసే పేమెంట్ గేట్‌వే వాళ్ళని అడిగి కొత్త పద్ధతికి ఏ బ్యాంకులు రెడీగా ఉన్నాయో లిస్టు తెచ్చుకుని పక్కన పెడుతుంది. 40,000లో 14,000 మంది కార్డులు ఇంకా రెడీ కాని బ్యాంకులవని తేలిందనుకోండి, అక్కడితో కథ మారిపోయింది. ఎందుకంటే మనం ఎంత అందమైన కార్డు స్క్రీన్ కట్టినా ఆ 14,000 మందికి అది పని చెయ్యదు, అది మన చేతిలో లేదు, వాళ్ళ బ్యాంకు చేతిలో ఉంది.

అప్పుడు ఆవిడ ముందు మూడు దారులుంటాయి. కార్డు మళ్ళీ రిజిస్టర్ చేయించడం ఒకటి. యూపీఐ ఆటోపే రెండోది, అది 2020 నుంచే ఉంది, యూపీఐ పిన్ కొట్టి ఒప్పుకుంటే చాలు, కార్డు బ్యాంకు రెడీగా ఉందా లేదా అనే గొడవ అక్కర్లేదు. మూడోది ఏడాది ప్లాన్, ఒకేసారి కట్టేస్తారు కాబట్టి ఈ రూల్ దానికి వర్తించదు, డెవలపర్ల పని కూడా అన్నిటికన్నా తక్కువ. ఆవిడ వరస ఇలా పెడుతుంది: ముందు ఏడాది ప్లాన్ డిస్కౌంట్‌తో చూపించాలి, రెండోది యూపీఐ, మూడోది కార్డు, అదీ రెడీగా ఉన్న బ్యాంకులకి మాత్రమే.

ఇంకో నిర్ణయం ఉంది, చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. డబ్బులు కట్ అవ్వకపోతే క్లాస్ వెంటనే లాక్ చెయ్యాలా, వారం గడువివ్వాలా? వెంటనే లాక్ చేస్తే పాఠం మధ్యలో ఆగిపోయిన పిల్లాడి అమ్మానాన్నలకి కోపమొస్తుంది, అసలు తప్పు వాళ్ళది కూడా కాదు. వారం ఇస్తే కొంతమంది ఫ్రీగా చూసి వెళ్ళిపోతారు. ఆవిడ ఏడు రోజులివ్వాలంటుంది, ఎందుకంటే వెళ్ళిపోయినవాళ్ళని మళ్ళీ తెచ్చుకోవడానికయ్యే ఖర్చు వారం క్లాసుల ఖర్చుకంటే చాలా ఎక్కువని ఆవిడ దగ్గర పాత లెక్కలున్నాయి. ఇలాంటి నిర్ణయం ప్రాజెక్ట్ మేనేజర్ తీసుకోకూడదు, ఆయన్ని తీసుకోమనడం కూడా అన్యాయం.

మరి ప్రాజెక్ట్ ఆయన? ఎక్సెల్ షీట్ పట్టుకుని ఫాలోఅప్ చెయ్యడమేనా?

ఈ చిన్నచూపు చూసేవాళ్ళని నేను చాలామందిని చూశాను, దాదాపు అందరూ మంచి ప్రాజెక్ట్ మేనేజర్‌తో పని చెయ్యనివాళ్ళే.

ఆయన సెప్టెంబర్ 30 నుంచి వెనక్కి లెక్కపెట్టడం మొదలుపెడతాడు. జూలై మొదటి వారం నుంచి సెప్టెంబర్ ఆఖరికి పన్నెండు వారాలు, టీమంతా ఇంకా టైముందిలే అనుకుంటున్నారు. ఆయన అడుగుతాడు, యాప్ కొత్త వెర్షన్ వదిలితే ఎంతమంది ఎన్నాళ్ళకి అప్‌డేట్ చేసుకుంటారు? అందరూ వెంటనే చేసుకోరు, నెల పడుతుంది. ఆ పాత వెర్షన్‌లో ఉన్నవాళ్ళకి కొత్త స్క్రీనే కనపడదు కాబట్టి యాప్ ఆగస్టు చివరికల్లా బయటికెళ్ళిపోవాలి. దానికి ముందు టెస్టింగ్‌కి రెండు వారాలు. అంటే కోడ్ రాయడానికి మిగిలింది ఆరు వారాలు, పన్నెండు కాదు. ఈ ఒక్క లెక్క జూలైలో చెప్పినవాడు ప్రాజెక్ట్ మేనేజర్, సెప్టెంబర్‌లో చెప్పినవాడు రిపోర్టర్.

తర్వాత ఎవరి మీద ఏది ఆధారపడిందో వెతుకుతాడు, ఆయన పనిలో అసలు కష్టం ఇక్కడే ఉంది. గేట్‌వే వాళ్ళు మన అకౌంట్‌కి రికరింగ్ పేమెంట్లు ఆన్ చెయ్యాలి, దానికి కాగితాలు కావాలి, వాళ్ళ వైపు అప్రూవల్ కావాలి, ఇందులో మన డెవలపర్లు తొందరపెట్టగలిగిందేం లేదు కాబట్టి ఆ కాగితాలు మొదటి వారంలోనే వెళ్ళాలి. లీగల్ వాళ్ళు షరతుల పేజీ మార్చాలి. కస్టమర్ కేర్‌కి ట్రైనింగివ్వాలి, అక్టోబర్ 1 పొద్దున్న నుంచి ఫోన్లు మోగుతాయి. కస్టమర్లకి మనం పంపే ఎస్సెమ్మెస్‌లు, అవి ఇష్టమొచ్చినట్టు పంపడానికి లేదు, టెలికాం రెగ్యులేటర్ ట్రాయ్ రూల్ ప్రకారం డీఎల్‌టీ అనే టెలికాం కంపెనీల సిస్టమ్‌లో టెంప్లేట్, అంటే మెసేజ్ నమూనా, రిజిస్టర్ చేసి అప్రూవ్ అయిన మాటలే వెళ్ళాలి, మాట మారితే టెంప్లేట్ మళ్ళీ అప్రూవ్ అవ్వాలి. కోడ్ రాసేవాళ్ళ బుర్రలో ఇవేవీ ఉండవు, ఉండక్కర్లేదు కూడా.

ఇద్దరికీ గొడవ ఎక్కడొస్తుంది?

ఆ ఎస్సెమ్మెస్ దగ్గరే ఒకటి చూడండి. ఆగస్టు మధ్యలో ప్రోడక్ట్ ఆవిడ పది మంది తల్లిదండ్రులతో ఫోన్లో మాట్లాడింది. "మీ ఈ-మాండేట్ గడువు ముగుస్తోంది" అనే మెసేజ్ చూసి సగం మంది అదేదో మోసం మెసేజ్ అనుకున్నారు. "అక్టోబర్ నుంచి మీ పాప క్లాసులు ఆగకుండా ఉండాలంటే యాప్ తెరిచి పేమెంట్ ఒకసారి సరిచూసుకోండి" అని మార్చాలంది. ఆవిడ కరెక్టే. కానీ ప్రాజెక్ట్ ఆయనకి అది ఒక వాక్యం మార్పు కాదు, అప్రూవ్ అయిపోయిన మూడు టెంప్లేట్లు మళ్ళీ మొదట్నుంచి.

"ఇప్పుడా చెప్పేది?" అని ఆయన అరిచి ఊరుకుంటే గొడవగానే మిగిలిపోతుంది. మంచి ఆఫీసులో ఇలా నడుస్తుంది:

"మార్చచ్చండీ, కానీ టెంప్లేట్ మళ్ళీ పంపితే మొదటి మెసేజ్ వారం వెనక్కెళ్తుంది. పాత మాటలతో వారం ముందు వెళ్ళడం మంచిదా, కొత్త మాటలతో వారం లేటుగా వెళ్ళడం మంచిదా?"

"పాత మాటలతో వెళ్తే మోసమనుకుని బ్లాక్ చేసేస్తారు, తర్వాత ఎన్ని పంపినా దండగ. లేటైనా కొత్తదే వెళ్ళాలి. ఈ వారం యాప్ లోపల బ్యానర్ పెట్టేద్దాం, దానికి టెంప్లేట్ అక్కర్లేదు కదా."

"బ్యానర్‌కి ఒక్క రోజు పని, సరే. ఇంకోసారి మాటలు మారవు కదా?"

"మారవు."

ఇందులో ఎవరేం చేశారో గమనించండి. ఆయన కాదనలేదు, ఖరీదు చెప్పాడు. ఆవిడ ఖరీదు విని ఎంచుకుంది, ఎంచుకున్నదానికి కట్టుబడింది. ప్రాజెక్ట్ మేనేజర్ "కుదరదు" అనే మాట ఎంత తక్కువ వాడి, "కుదురుతుంది, దీనికి ఇదీ ఖర్చు" అని ఎంత ఎక్కువ చెప్తే అంత పనిమంతుడు.

స్కోప్, అంటే చేస్తామనుకున్న పనుల లిస్టు, తగ్గించాల్సొస్తే ఆ మాట ఎవరు చెప్పాలి?

తగ్గించాలి అని ముందు గుర్తుపట్టేది ప్రాజెక్ట్ మేనేజర్, ఏది తగ్గించాలో చెప్పేది ప్రోడక్ట్ మేనేజర్. ఈ రెండూ తారుమారైతే పెద్ద నష్టం.

మన కంపెనీలోనే ఆగస్టు మూడో వారంలో టెస్టింగ్‌లో ఒకటి బయటపడింది. యూపీఐ ఆటోపేలో మొదట ఒప్పుకున్న గరిష్ట మొత్తం ఒకటుంటుంది. 299 ప్లాన్‌కి ఆ మొత్తంతోనే పెట్టుకున్నవాళ్ళు 499 ప్లాన్‌కి మారతామంటే పాత మాండేట్ సరిపోదు, కస్టమర్ మళ్ళీ పిన్ కొట్టి ఒప్పుకోవాలి. ఆ దారి ఎవరూ కట్టలేదు. డెవలపర్లు రెండు వారాలన్నారు, యాప్ వెళ్ళాల్సింది పది రోజుల్లో.

ప్రాజెక్ట్ ఆయన ఆ సాయంత్రమే మూడు దార్లతో వచ్చాడు. ప్లాన్ మార్పు ఇప్పటికి తీసేసి అనుకున్న రోజుకి రిలీజ్ చెయ్యడం. రెండు వారాలు ఆగి రిలీజ్ చెయ్యడం, అప్పుడు అప్‌డేట్ చేసుకోవడానికి జనానికి మిగిలేది నెల కాదు, రెండు వారాల పైచిలుకు. లేదంటే వేరే టీమ్ నుంచి ఒకర్ని తేవడం, వాళ్ళకి ఈ కోడ్ అర్థమవ్వడానికే వారం పడుతుంది కాబట్టి దాని మీద ఆయనకి పెద్ద ఆశ లేదు, ఆ సంగతి కూడా దాచకుండా చెప్పాడు.

ప్రోడక్ట్ ఆవిడ లెక్క చూసింది. నెలకి ప్లాన్ మార్చుకునేవాళ్ళు 300 మంది, మొత్తం 40,000లో ఒక శాతం కూడా కాదు. వాళ్ళకి బటన్ నొక్కితే "మా టీమ్ మీకు ఫోన్ చేస్తుంది" అని వస్తే చాలు, కస్టమర్ కేర్ వాళ్ళు చేతితో పాతది రద్దు చేసి కొత్తది పెట్టిస్తారు, అక్టోబర్ నెలాఖరుకి అసలు దారి కట్టేద్దాం అంది. ఐదు నిమిషాల్లో తేలిపోయింది, ఎందుకంటే ఎవరి దగ్గరుండాల్సిన లెక్క వాళ్ళ దగ్గరుంది.

అదే ప్రోడక్ట్ మేనేజర్ లేని చోటైతే ఏమవుతుందంటే, డేట్ కాపాడుకోవడానికి ప్రాజెక్ట్ మేనేజరే ఏదో ఒకటి తీసేస్తాడు, ఏది తీస్తాడు అంటే కట్టడానికి ఎక్కువ టైమ్ పట్టేది తీస్తాడు, కస్టమర్‌కి తక్కువ అవసరమైనది కాదు. ఈ కేసులో అలా తీసి ఉంటే యూపీఐ మొత్తం పోయేది.

సరే, అక్టోబర్ 1 దాటింది. ఇప్పుడు?

ప్రాజెక్ట్ ఆయన మొదటి వారం ఉంటాడు, గేట్‌వేలో ఎర్రర్లు, కస్టమర్ కేర్‌కి వచ్చే ఫోన్లు చూసుకుంటాడు, ఏది బాగా జరిగింది ఏది తగలడింది అని టీమ్‌ని కూర్చోబెట్టి రాయిస్తాడు, మిగిలిన పనుల లిస్టు అప్పజెప్పి వెళ్ళిపోతాడు.

ప్రోడక్ట్ ఆవిడకి అక్టోబర్ అంతా నిద్ర ఉండదు. 40,000లో ఏడాది ప్లాన్ ఎంతమంది తీసుకున్నారు, యూపీఐకి ఎంతమంది మారారు, ఏమీ చెయ్యకుండా ఊరుకున్నవాళ్ళెంతమంది? రిజిస్టర్ చేసుకున్నంత మాత్రాన సరిపోదు, నెల తిరిగాక డబ్బులు నిజంగా కట్ అయ్యాయా? 24 గంటల ముందు బ్యాంకు మెసేజ్ చూసి ఎంతమంది ఆపేసుకున్నారు? ఇక్కడ కొత్త సంగతులు బయటపడతాయి, ఉదాహరణకి ఆ మెసేజ్ చూసి ఆపేసుకున్నవాళ్ళలో ఎక్కువమంది అంతకుముందు నెలంతా యాప్ తెరవనివాళ్ళే అనుకోండి, అప్పుడది పేమెంట్ సమస్య కాదు, పిల్లలు క్లాసులు చూడట్లేదనే సమస్య. తర్వాతి మూణ్ణెల్లు టీమ్ ఏం చెయ్యాలో అక్కడ్నుంచే పుడుతుంది.

ఈ రెండు ఉద్యోగాలు ఎక్కడ్నుంచి వచ్చాయి?

వేర్లు వేరే వేరే చోట్ల ఉన్నాయి, అందుకే స్వభావాలు కూడా వేరు. ప్రోడక్ట్ మేనేజ్‌మెంట్ సబ్బుల వ్యాపారంలో పుట్టింది. 1931లో ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో నీల్ మెక్‌ఎల్‌రాయ్ అనే ఆయన క్యామే సబ్బు చూసుకుంటూ, ఒక్కో బ్రాండ్‌కి మొదట్నుంచి చివరిదాకా బాధ్యుడైన మనిషి ఒకడుండాలని కంపెనీకి ఒక నోట్ రాశాడు. సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చేసరికి 1980ల్లో మైక్రోసాఫ్ట్ మాక్ కోసం ఎక్సెల్ చేస్తున్నప్పుడు కస్టమర్ వైపు నుంచి ఆలోచించి స్పెక్ రాసే మనిషిని పెట్టి ప్రోగ్రామ్ మేనేజర్ అని పేరు పెట్టుకుంది. గూగుల్ 2002లో కాలేజీ నుంచి కొత్తగా వచ్చినవాళ్ళనే తీసుకుని తయారు చేసే అసోసియేట్ ప్రోడక్ట్ మేనేజర్ ప్రోగ్రామ్ పెట్టింది. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ మాత్రం నిర్మాణాలు, రక్షణ రంగం, పెద్ద ఇంజినీరింగ్ పనుల్లోంచి వచ్చింది, దాని సంస్థ పీఎంఐ, అంటే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్, 1969లోనే మొదలైంది.

మాది సర్వీస్ కంపెనీ, ఇక్కడ ప్రోడక్ట్ మేనేజర్ అనే మాటే వినపడదు, ఎందుకు?

ఎందుకంటే ఏం కట్టాలి అనే నిర్ణయం మీ ఆఫీసులో జరగదు. అది క్లయింట్ దగ్గర జరుగుతుంది. హైదరాబాద్‌లో మాదాపూర్, గచ్చిబౌలిలో ఏళ్ళ తరబడి ఎక్కువ ఉద్యోగాలిచ్చింది సర్వీస్ కంపెనీలే కాబట్టి మన ఇళ్ళల్లో మేనేజర్ అంటే ప్రాజెక్ట్ మేనేజరే గుర్తొస్తాడు, "మా అబ్బాయి పీఎం అయ్యాడు" అంటే అదే.

అక్కడ ప్రాజెక్ట్ మేనేజర్ పని ఇంకా పెద్దది కూడా. క్లయింట్‌తో రాసుకున్న పని ఒప్పందం, ఎస్ఓడబ్ల్యూలో ఏముంది ఏం లేదు, క్లయింట్ కొత్తగా అడిగింది చేంజ్ రిక్వెస్ట్‌లో పెట్టి డబ్బులడగాలా లేక సంబంధం కోసం ఊరుకోవాలా, ఎంతమంది బిల్లింగ్‌లో ఉన్నారు, ఎవరు బెంచ్ మీదకెళ్తున్నారు, మార్జిన్ ఎంత మిగులుతోంది, అన్నీ ఆయనే చూడాలి. మొత్తం పనికి ఇంత అని ముందే ఒప్పుకున్న ఫిక్స్‌డ్ బిడ్ అయితే ప్రతి లేటు రోజూ కంపెనీ జేబులోంచి పోతుంది. గంటల లెక్కన బిల్లింగ్ అయితే ఆ ఒత్తిడి తగ్గుతుంది కానీ మనుషులు ఖాళీగా ఉండకూడదనే ఒత్తిడి మొదలవుతుంది. అప్రైజల్ కూడా చాలా చోట్ల ఆయన చేతిలోనే.

అదే ప్రోడక్ట్ కంపెనీలో రెండు పీఎంలకీ డెవలపర్లు రిపోర్ట్ చెయ్యరు, వాళ్ళ బాస్ ఇంజినీరింగ్ మేనేజర్. అంటే ప్రోడక్ట్ మేనేజర్ డెవలపర్‌ని ఆజ్ఞాపించలేరు, ఒప్పించాలి. సర్వీస్ కంపెనీ నుంచి మారినవాళ్ళకి మొదటి ఆర్నెల్లు అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది ఇదే.

విదేశీ కంపెనీలు ఇక్కడ పెట్టుకున్న సొంత సెంటర్లలో మధ్యస్థంగా ఉంటుంది. టైటిల్ ప్రోడక్ట్ ఓనర్ అని ఇస్తారు, కానీ కస్టమర్‌తో మాట్లాడేదీ రోడ్‌మ్యాప్ వేసేదీ అమెరికాలో ఉన్నాయన, ఇక్కడున్నవాళ్ళు ఆ నిర్ణయాలని డెవలపర్లకి అర్థమయ్యే చిన్న చిన్న పనులుగా, అంటే యూజర్ స్టోరీలుగా, రాస్తారు. చెడ్డ ఉద్యోగమేం కాదు, కానీ చేరేముందు తెలుసుకుని చేరాలి. కొన్ని సెంటర్లలో ఇప్పుడు పూర్తి ప్రోడక్టే ఇక్కడ్నుంచి నడుస్తోంది, అవి వేరు.

స్క్రమ్ మాస్టర్, ప్రోడక్ట్ ఓనర్ వీళ్ళెవరు మళ్ళీ?

స్క్రమ్ అంటే టీమ్ చిన్న చిన్న విడతల్లో పని చేసే పద్ధతి. దాని నియమాల పుస్తకం స్క్రమ్ గైడ్ తెరిస్తే అందులో ముగ్గురే ఉంటారు: ప్రోడక్ట్ ఓనర్, స్క్రమ్ మాస్టర్, డెవలపర్లు. ప్రాజెక్ట్ మేనేజర్ అనే పాత్ర అందులో లేదు. అది చూసి కొన్ని కంపెనీలు ప్రాజెక్ట్ మేనేజర్లందరికీ రాత్రికి రాత్రి స్క్రమ్ మాస్టర్ అని పేరు మార్చేశాయి, పని మాత్రం అదే. ఒకటే టీమ్, బయటివాళ్ళ మీద పెద్దగా ఆధారపడని పని అయితే నిజంగానే ప్రాజెక్ట్ మేనేజర్ లేకపోయినా నడుస్తుంది. కానీ పైన చెప్పిన కేసులోలాగా గేట్‌వే, బ్యాంకులు, లీగల్, డీఎల్‌టీ, కస్టమర్ కేర్ అన్నీ ఒక తేదీకి కలవాలంటే ఎవరో ఒకరు ఆ పని చెయ్యక తప్పదు, పేరు ఏదైనా పెట్టుకోండి.

చిన్న స్టార్టప్, ఇద్దర్ని పెట్టుకునే స్తోమత లేదు, ఒకళ్ళే రెండూ చెయ్యచ్చా?

చెయ్యచ్చు, చాలామంది చేస్తున్నారు. అయితే ఏ పని ముందు చచ్చిపోతుందో తెలుసుకుని ఉండాలి. ఎప్పుడూ ప్రోడక్ట్ పనే చచ్చిపోతుంది. ఎందుకంటే ప్రాజెక్ట్ పని అరుస్తుంది, బిల్డ్ ఆగింది, గేట్‌వే వాళ్ళు మెయిల్ చెయ్యలేదు, ఫౌండర్ స్టేటస్ అడుగుతున్నాడు. కస్టమర్‌తో మాట్లాడకపోతే ఇవాళ ఎవరూ అడగరు, ఆర్నెల్ల తర్వాత తెలుస్తుంది. మీరు రెండూ చేస్తుంటే మీ క్యాలెండర్ తెరిచి పోయిన నెలలో డబ్బులిచ్చే కస్టమర్లతో ఎన్ని గంటలు మాట్లాడారో చూడండి, సున్నా అయితే మీరు ప్రాజెక్ట్ మేనేజర్‌గా మాత్రమే పని చేస్తున్నట్టు.

మా దగ్గర ఇద్దర్లో ఎవరు లోపించారో ఎలా తెలుస్తుంది?

ప్రోడక్ట్ మేనేజర్ లేని చోట బ్యాక్‌లాగ్, అంటే చెయ్యాల్సిన పనుల లిస్టు, చదివితే తెలిసిపోతుంది, ప్రతి టికెట్ వెనకా "సేల్స్ వాళ్ళు అడిగారు", "ఎండీ గారు అడిగారు" అనే ఉంటుంది. ఏదైనా ఒక టికెట్ పట్టుకుని ఇది చేస్తే ఏ నంబర్ కదలాలి అని అడగండి, టీమ్‌లో ఎవరి దగ్గరా జవాబుండదు.

ప్రాజెక్ట్ మేనేజర్ లేకపోతే, లేదా ఉన్నాయన నిజం చెప్పలేని పరిస్థితిలో ఉంటే, మూడు వారాలుగా పని 90 శాతం అయిందనే వినపడుతుంటుంది. స్టేటస్ రిపోర్ట్ ప్రతి వారం పచ్చగా ఉండి చివరి వారంలో ఒక్కసారి ఎర్రబడుతుంది, దీన్నే పుచ్చకాయ స్టేటస్ అంటారు, పైన పచ్చ, కోస్తే ఎరుపు. ఆఖరి వారంలో "అరే, వాళ్ళ అప్రూవల్ కూడా కావాలా?" అనే ప్రశ్న వినిపిస్తే అనుమానమే అక్కర్లేదు.

ప్రాజెక్ట్ మేనేజర్‌గా పదేళ్ళు చేశాను, ప్రోడక్ట్ వైపు మారాలంటే పీఎంపీ పనికొస్తుందా?

పీఎంఐ ఇచ్చే పీఎంపీ ప్రాజెక్ట్ మేనేజర్‌కి మంచి సర్టిఫికెట్, నాలుగేళ్ళ డిగ్రీ ఉన్నవాళ్ళకి 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల ట్రైనింగ్ ఉంటేనే రాయనిస్తారు. సర్వీస్ కంపెనీలో, గల్ఫ్‌లో, అమెరికాలో కాంట్రాక్ట్ ఉద్యోగాలకి దానికి విలువుంది. ప్రోడక్ట్ ఇంటర్వ్యూలో మాత్రం దాని గురించి అడిగేవాళ్ళు దాదాపు ఉండరు.

మీ దగ్గర ఆల్రెడీ ఉన్నది తక్కువేం కాదు, పెద్ద పనిలో ఎక్కడ తెగుతుందో మీకు ముందే తెలుస్తుంది. లేనిది, "ఇది అసలు చెయ్యాలా" అని అడిగే అలవాటు, ఎందుకంటే పదేళ్ళు ఆ ప్రశ్న అడిగితే క్లయింట్ ఊరుకోడు. ఇప్పుడున్న ప్రాజెక్టులోనే మొదలుపెట్టండి. మీరు రిలీజ్ చేసిన ఒక ఫీచర్ తీసుకుని ఎంతమంది వాడుతున్నారో డేటా అడిగి తెచ్చుకోండి, వాడనివాళ్ళలో ఐదారుగురితో మాట్లాడండి, దొరికినదాన్ని ఒక పేజీలో రాసి క్లయింట్ వైపు ప్రోడక్ట్ మనిషికి చూపించండి. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి ఆ పేజీ ఏ కోర్సుకన్నా బలంగా ఉంటుంది. అదే కంపెనీలో లోపలే మారడం, బయట కొత్త కంపెనీలో ఆ టైటిల్‌తో చేరడం కంటే చాలా తేలిక.

ఉద్యోగ ప్రకటనలో టైటిల్ చూసి ఇది ఏ పీఎమ్మో ఎలా పోల్చుకోవాలి?

టైటిల్ నమ్మద్దు, కింద రాసింది చదవండి. టైమ్‌లైన్లు, స్టేక్‌హోల్డర్ రిపోర్టింగ్, రిస్కులు, వెండర్లు, రిసోర్స్ ప్లానింగ్ అని ఉంటే పైన ప్రోడక్ట్ మేనేజర్ అని రాసినా అది ప్రాజెక్ట్ ఉద్యోగమే. కస్టమర్ రీసెర్చ్, ధరలు, మెట్రిక్స్, రోడ్‌మ్యాప్ అని ఉంటే ప్రోడక్ట్. రెండూ కలిపి రాశారంటే వాళ్ళకే ఇంకా తేలలేదని అర్థం.

ఇంటర్వ్యూ చివర్లో ఏమైనా అడుగుతారా అంటారు కదా, అప్పుడు రెండు ప్రశ్నలడగండి. "ఈ పోస్టులో ఉన్నవాళ్ళు పోయిన ఆర్నెల్లలో వద్దని ఆపించిన ఫీచర్ ఏదైనా ఉందా?" అని ఒకటి. ఉంటే అది ప్రోడక్ట్ ఉద్యోగమే, ఒక్కటీ లేదంటే వద్దనే అధికారం ఆ కుర్చీకి లేదు. "రిలీజ్ డేట్ జారిపోతే మొదటి ఫోన్ ఎవరికొస్తుంది?" అనేది రెండోది. ఆ ఫోన్ మీకే వస్తుందంటే మీరు ప్రాజెక్ట్ మేనేజర్, జీతం మాట్లాడేటప్పుడు కూడా దాని ప్రకారమే మాట్లాడండి.